చెక్‌సమ్ పెట్టినా 64,000 నాణేలు ఎలా వచ్చాయి?

#1 గంపెడుకూరలు

సంతలో కూరగాయలు అమ్మే చిన్న ఆట ఒకటి రాశాను. ఉద్యోగం నుంచి వచ్చాక రాత్రిళ్లు కూర్చుని రెండేళ్లు రాసిన ఆట ఇది. ఆటగాడి నాణేలు, సరుకు, ఎన్నో రోజు అన్న వివరాలన్నీ 64 బైట్ల ఫైలులో దాస్తాను. మొదటి 63 బైట్లను కూడి, ఆ మొత్తాన్ని 256తో భాగిస్తే మిగిలే శేషాన్ని చెక్‌సమ్‌గా చివరి బైటులో రాస్తాను. ఆట తెరిచినప్పుడు మళ్లీ కూడి చూస్తాను. లెక్క తప్పితే "సేవ్ ఫైలును మార్చారు" అని చూపించి, ఆ ఫైలును చెరిపేస్తాను.

నిన్న ఒకరు స్క్రీన్‌షాట్ పంపారు. మూడో రోజు సంతలోనే 64,000 నాణేలు! ఎంత బాగా బేరమాడినా మూడో రోజుకు 300 దాటడం నా ఆటలో అసాధ్యం. ఫైలు అడిగి తెప్పించుకున్నాను. కూడి చూస్తే చెక్‌సమ్ సరిగ్గానే ఉంది. ఆ ఒక్క బైటు ఎక్కడుందో, దాన్ని ఎలా లెక్కిస్తానో ఎవరికీ చెప్పలేదు. ఇది ఎలా సాధ్యం?

#2 నీలిసిరా

ఒక్క బైటు చెక్‌సమ్ పెడితే ఇంతే జరుగుతుంది. మొత్తం 256 విలువలే కాబట్టి వరుసగా ప్రయత్నించినా తగులుతుంది. నాలుగు బైట్ల చెక్‌సమ్ సీఆర్‌సీ-32 పెట్టండి. 429 కోట్లకు పైగా విలువలు ఉంటాయి, ఊహించడం ఎవరి వల్లా కాదు. సమస్య తీరిపోతుంది.

#3 మంగళగిరి_మగ్గం

లినక్స్ దించుకున్నాక `sha256sum` కొట్టి సరిచూసుకునే అంకె గురించే కదా మీరు అడిగేది? నాకు పదేళ్లుగా అది ఎప్పుడూ తప్పు చెప్పలేదు. ఫైలు దిగేటప్పుడు పాడై ఉంటుంది. ఇంకోసారి దించి చూడండి.

#4 బైట్ల_బాబాయి

ఇది దించుకోవడంలో వచ్చిన తేడా కాదు. 64,000 అన్న అంకెలోనే జవాబు ఉంది. ఆ ఆటగాడి దగ్గర అంతకుముందు సరిగ్గా 250 నాణేలు ఉండి ఉండాలి.

గంపెడుకూరలు గారు నాణేలను రెండు బైట్లలో, చిన్న బైటు ముందు వచ్చేలా రాస్తున్నారని అనుకుంటున్నాను. అప్పుడు 250 ఫైలులో `FA 00` అని కనిపిస్తుంది. ఆ రెండింటినీ తారుమారు చేస్తే `00 FA`. అంటే 250 × 256, సరిగ్గా 64,000. కూడికకు వరుసతో పని లేదు. 250కి సున్నా కలిపినా, సున్నాకు 250 కలిపినా మొత్తం ఒక్కటే. అందుకే చివరి బైటును ముట్టుకోవలసిన అవసరమే రాలేదు. మీ చెక్‌సమ్ మోసపోలేదు. దాన్ని అడిగిన ప్రశ్నకు అది సరైన జవాబే ఇచ్చింది.

#5 గంపెడుకూరలు

ఇప్పుడే చూశాను. మూడో రోజు మొదలయ్యేటప్పటికి 250 రావడం నా ఆటలో మామూలే. చిన్న బైటు ముందు అన్నదీ నిజమే. గంటన్నర ఆ ఫైలు వంక చూస్తూ కూర్చున్నాను, ఇది తట్టనేలేదు.

#6 సంతలో_సీత

ఆ 64,000 నాణేలు నావే. స్క్రీన్‌షాట్ పంపింది నేనే. మీకు కోపం తెప్పించాలని కాదు, ఆట నచ్చి లోపల ఎలా ఉందో చూడాలనిపించింది.

ఎలా చేశానో చెబుతాను. ముందు సేవ్ ఫైలు నకలు ఒకటి పక్కన పెట్టుకున్నాను. తరువాత ఆటలోకి వెళ్లి బండి కిరాయి 10 నాణేలు మాత్రం కట్టి, ఇంకేమీ చేయకుండా బయటకు వచ్చాను. హెక్స్ ఎడిటర్‌లో రెండు ఫైళ్లూ పక్కపక్కన తెరిస్తే 64 బైట్లలో రెండే మారాయి.

```
          0x10   0x3F
ముందు:    FA     5C
తరువాత:   F0     52
```

`FA` అంటే 250, `F0` అంటే 240. అది నాణేలు అని వెంటనే తెలిసింది. చివరిది కూడా సరిగ్గా పదే తగ్గింది. నాణేలు పది తగ్గితే అదీ పది తగ్గిందంటే అది కూడిక తప్ప ఇంకేమిటి? `FA` పక్కన `00` ఖాళీగా కనిపించింది. పాత నకలులో ఆ రెండూ తారుమారు చేసి తెరిచాను, అంతే. పావుగంట పట్టింది. నేను బీకాం చదువుతున్నాను, ప్రోగ్రాములు రాయడం రాదు.

#7 పాతపెట్టె

సీత గారు చేసిన పని చాలా పాతది, అంతే చక్కనిది. 1998లో అమెరికాలో వచ్చిన పోకెమాన్ రెడ్, బ్లూ ఆటల్లోనూ ఒక్క బైటు కూడికే ఉంది. `0x2598` నుంచి `0x3522` వరకు ఉన్న బైట్లను కూడి, ప్రతి బిట్టునూ సున్నా అయితే ఒకటిగా, ఒకటి అయితే సున్నాగా తిరగేసి `0x3523`లో రాస్తారు. నేను నా చిన్నప్పటి క్యాట్రిడ్జి నుంచి సేవ్ ఫైలును తీసి ఈ లెక్క చేతితో చేసి చూశాను, సరిపోయింది.

అందులో రెండు విషయాలు గమనించండి. బిట్లను తిరగేస్తారు కాబట్టి ఫైలు మొత్తం సున్నాలైపోతే లెక్క తప్పుతుంది. గంపెడుకూరలు గారి పద్ధతిలో 63 సున్నాలు కూడితే సున్నా, చివరి బైటు కూడా సున్నా. పూర్తిగా చెరిగిపోయిన ఫైలును కూడా మీ ఆట సరైనదే అంటుంది! రెండోది, లెక్క తప్పినప్పుడు ఆ ఆట చెప్పేది ఫైలు నాశనమైందని మాత్రమే. మీరు మార్చారని నింద వేయదు.

#8 నీలిసిరా

పాత ఆటల ముచ్చట బాగుంది కానీ నా మాటే నిలబడుతోంది కదా. సీత గారు పట్టుకున్నది కూడికను. సీఆర్‌సీలో వరుస మారితే విలువ మారుతుంది, పది తగ్గితే పది తగ్గదు, నాలుగు బైట్లూ చెల్లాచెదురుగా మారిపోతాయి. కళ్లతో చూసి ఎవరూ కనిపెట్టలేరు.

#9 బైట్ల_బాబాయి

కళ్లతో చూసి కనిపెట్టలేరన్నది నిజం. అయితే కనిపెట్టవలసిన అవసరం ఎక్కడుంది? ఫైలు చివర నాలుగు బైట్లు ప్రతిసారీ చెల్లాచెదురుగా మారుతుంటే, ఎవరికైనా మొదట వచ్చే అనుమానం సీఆర్‌సీ-32 మీదే. ఆ నాలుగూ తీసేసి మిగిలినదానికి సీఆర్‌సీ లెక్కిస్తే అవే నాలుగు వస్తాయి, అనుమానం తీరిపోతుంది. ఆ తరువాత పని ఇంతే:

```python
import zlib
d = bytearray(open("save.dat", "rb").read())
d[0x10:0x12] = (64000).to_bytes(2, "little")
d[-4:] = zlib.crc32(d[:-4]).to_bytes(4, "little")
open("save.dat", "wb").write(d)
```

429 కోట్ల విలువల్లో ఒకదాన్ని ఊహించే పని లేదు, లెక్కిస్తే వస్తుంది. మీ ఆట ఆ విలువను ఏ రహస్యమూ లేకుండా లెక్కించగలిగితే ఎవరైనా లెక్కించగలరు. ఆ 429 కోట్ల బలం అనుకోకుండా జరిగే నష్టం మీద పనిచేస్తుంది, మనిషి మీద కాదు. మెమరీలో అక్కడక్కడ బిట్లు పాడైతే, సగం రాసిన ఫైలు మిగిలితే, సీఆర్‌సీ కళ్లుగప్పి దాటిపోయే అవకాశం 429 కోట్లలో ఒక వంతు. మీ కూడికకైతే 256లో ఒక వంతు. ఆ పనికి మార్చండి, తప్పకుండా మార్చండి.

#10 నీలిసిరా

సరే, అయితే ఎస్‌హెచ్‌ఏ-256 పెడదాం. దాన్ని ఇంతవరకు ఎవరూ ఛేదించలేదు.

#11 బైట్ల_బాబాయి

ఛేదించనక్కర్లేదు అని పైన రాసింది దీనికీ వర్తిస్తుంది. నా అయిదు వరుసల్లో `zlib.crc32` ఉన్న చోట ఎస్‌హెచ్‌ఏ వస్తుంది, అంతే తేడా.

#12 మంగళగిరి_మగ్గం

నేను ప్రశ్నను తప్పుగా అర్థం చేసుకున్నాను, సరే. కానీ ఇప్పుడు నాకు నిజంగా భయం వేస్తోంది. లినక్స్ ఫైలుకు కూడా ఎవరైనా మార్చి మళ్లీ ఎస్‌హెచ్‌ఏ లెక్కించవచ్చు కదా? మరి పదేళ్లుగా నేను సరిచూసుకున్నది దేన్ని?

#13 బైట్ల_బాబాయి

మంచి ప్రశ్న, ఈ చర్చకు సరిగ్గా కావలసిన ప్రశ్న. మీరు ఫైలును దాని నకలు ఉంచే ఏదో ఒక మిర్రర్ సర్వర్ నుంచి దించుకుంటారు, అంకెను మాత్రం అసలు తయారీదారుల సైటులో చూస్తారు. ఫైలును మార్చినవాడి చేయి ఆ అంకె ఉన్న చోటికి అందదు. మీకు రక్షణ ఇచ్చింది ఆ దూరమే. ఫైలూ అంకే ఒకే సర్వర్‌లో ఉంటే, ఆ సర్వర్‌లోకి చొరబడ్డవాడు రెండింటినీ మార్చేస్తాడు.

సేవ్ ఫైలులో చెక్‌సమ్ ఎక్కడుంది? అదే ఫైలులో, అదే ఆటగాడి ఫోనులో. తాళం వేసి తాళంచెవిని ఆ తలుపుకే వేలాడదీసినట్టు.

#14 చిన్నారి_నాన్న

మోసం ఎలా ఆపాలన్న దాని గురించే అందరూ మాట్లాడుతున్నారు. రెండో వైపు నేను చెబుతాను.

మా అమ్మాయికి తొమ్మిదేళ్లు. ఒక తోట ఆటను (ఇది కాదు, వేరేది) మూడు నెలలు ఆడింది. ప్రతి చెట్టుకూ పేరు పెట్టుకుంది. ఒకరోజు ఆడుతుండగా ఫోను చార్జి అయిపోయి ఆగిపోయింది. చార్జింగ్ పెట్టి తెరిస్తే "మీరు ఫైలును మార్చారు, ఆట మొదటి నుంచి ప్రారంభమవుతుంది" అని వచ్చింది. "నేనేం చేయలేదు నాన్నా" అని ఏడ్చింది. దాని తోట పోయినందుకు కాదు, తనను దొంగ అన్నందుకు. హెక్స్ ఎడిటర్ అంటే ఏమిటో ఆ పిల్లకు తెలుసా? గంపెడుకూరలు గారూ, మీ ఆట కూడా ఫైలును చెరిపేస్తుందని మొదటి పోస్టులో రాశారు. దయచేసి అది తీసేయండి.

#15 గంపెడుకూరలు

చదివాను. బాధేసింది. కానీ నా వైపు నుంచీ ఆలోచించండి. సంక్రాంతికి లీడర్‌బోర్డు పెడదామనుకుంటున్నాను. ముప్పై రోజుల్లో ఎవరు ఎక్కువ సంపాదించారో అందరికీ కనిపిస్తుంది. కష్టపడి 9,000 తెచ్చినవారి మీద ఎవరో 64,000తో కూర్చుంటే ఆ ఆటకు విలువేముంది? మార్చిన ఫైలును ఊరికే వదిలేయలేను.

#16 పాతపెట్టె

రెండూ వేర్వేరు సమస్యలు. ఒకరు ఒంటరిగా ఆడుకునేటప్పుడు 64,000 నాణేలు పెట్టుకుంటే ఎవరికి నష్టం? వాళ్ల ఫోను, వాళ్ల ఆట. లీడర్‌బోర్డు సంగతి అక్కడే తేల్చుకోవాలి, సేవ్ ఫైలు దగ్గర కాదు.

#17 బైట్ల_బాబాయి

చిన్నారి_నాన్న గారు చెప్పినదాంట్లో ఏం జరిగిందో ఊహించవచ్చు. ఆట పాత ఫైలు మీదే కొత్తది రాస్తుంది. రాయడం మొదలవగానే పాతది పోతుంది, పూర్తయ్యేలోపు ఫోను ఆగిపోతే సగం ఫైలు మిగులుతుంది. తెరిచినప్పుడు లెక్క తప్పుతుంది. "ఈ బైట్లు నేను రాసినవి కావు" అని మాత్రమే చెక్‌సమ్ చెప్పగలదు. ఎవరు మార్చారో, కావాలని మార్చారో చార్జి అయిపోయి మారిందో దానికి తెలియదు. ఆ తెలియని విషయాన్ని నింద చేసి తెర మీద చూపించింది ప్రోగ్రాము రాసినవారు.

దీనికి పద్ధతి ఉంది. కొత్త స్థితిని ముందు `save.tmp` అనే వేరే ఫైలులో పూర్తిగా రాయండి. అది నిజంగా నిల్వలోకి చేరేదాకా ఆగండి, అందుకు `fsync` ఉంది. తరువాత ఉన్న `save.dat`ను `save.bak`గా మార్చి, `save.tmp`కు `save.dat` అని పేరు పెట్టండి. మధ్యలో ఎక్కడ ఆగిపోయినా ఒక మంచి ఫైలు మిగిలే ఉంటుంది. తెరిచినప్పుడు `save.dat` లెక్క తప్పినా, అసలు లేకపోయినా `save.bak` చూడండి. ఆ పిల్ల తోటలో ఆఖరి అయిదు నిమిషాలు పోయేవి, మూడు నెలలు కాదు. లెక్క తప్పిన ఫైలును కూడా చెరపకుండా వేరే పేరుతో పక్కన పెట్టండి. ఎప్పుడు అవసరం వస్తుందో తెలియదు.

#18 గంపెడుకూరలు

చెరపడం తీసేస్తున్నాను. పక్కన పెట్టడం, `save.bak`, సీఆర్‌సీ-32 మూడూ వచ్చే వెర్షన్‌లో ఉంటాయి. సందేశం మాత్రం ఉంచుతాను. కొంచెం భయం ఉండాలి కదా.

#19 గంపెడుకూరలు

తొమ్మిది రోజుల తరువాత మళ్లీ వచ్చాను. కొత్త వెర్షన్ విడుదల చేశాను. ఈసారి ఆటగాడి పేరును కూడా, ఇదివరకు వేరే ఫైలులో ఉండేదాన్ని, ఇందులోకే తెచ్చాను. రెండు రోజుల్లో పదకొండు మంది నుంచి ఫిర్యాదులు వచ్చాయి. అందరికీ "సేవ్ ఫైలును మార్చారు" అనే వస్తోంది. `save.bak` కూడా పనిచేయడం లేదు. పదకొండు మందీ ఒకేసారి మార్చారా?

#20 సంతలో_సీత

పన్నెండో మనిషిని నేను. నేను చెబితే ఎవరూ నమ్మరని ఇన్నాళ్లూ ఊరుకున్నాను. ఆ 64,000 తరువాత మొదటి నుంచి కొత్తగా మొదలుపెట్టి నిజాయతీగా ఆడుతున్నాను. పద్నాలుగో రోజు వరకు వచ్చాను. ఈసారి ఫైలు తెరిచి కూడా చూడలేదు.

#21 నీలిసిరా

సీత గారిని తప్పుబట్టడం లేదు కానీ, ఒకసారి మార్చినవారి ఫైలే పట్టుబడిందంటే కొత్త చెక్‌సమ్ పనిచేస్తోందనే కదా అనుకోవాలి.

#22 చిన్నారి_నాన్న

మిగిలిన పదకొండు మంది? ఇదే కదా నేను చెప్పింది. యంత్రం నింద వేసింది కాబట్టి మనమూ వేస్తున్నాం.

#23 బైట్ల_బాబాయి

ఎవరినీ అనుమానించే ముందు ఫైలు చూద్దాం. సీత గారూ, మీ ఫైలులో `0x3F` నుంచి చివరి దాకా ఉన్నదాన్ని ఇక్కడ పెట్టగలరా? గంపెడుకూరలు గారూ, ఆ పన్నెండు మంది ఆటలో ఏ పేర్లు పెట్టుకున్నారో, పేరును ఏ వరుసలో రాస్తున్నారో చెప్పండి.

#24 సంతలో_సీత

ఇదిగోండి. చివరి నాలుగు బైట్లు చెక్‌సమ్ అనుకుని వదిలేశాను.

```
03 E0 B0 B8 E0 B1 80 E0 B0 A4 ...
```

నా పేరు "సీత" అని తెలుగులో పెట్టుకున్నాను.

#25 గంపెడుకూరలు

63 బైట్లు మామూలు వివరాలు, తరువాత ఒక బైటులో పేరు పొడవు, తరువాత పేరు, తరువాత నాలుగు బైట్ల సీఆర్‌సీ. ఇప్పుడు చూస్తే పన్నెండు మందీ పేర్లు తెలుగులో రాసుకున్నవారే! ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్న ఒక్కరి నుంచి కూడా ఫిర్యాదు లేదు.

#26 బైట్ల_బాబాయి

దొరికింది. మొదటి బైటు `03` చూడండి. పేరు పొడవు మూడు అని మీరు రాశారు. ఆ తరువాత పేరు మాత్రం తొమ్మిది బైట్లు ఉంది.

```python
>>> name = "సీత"
>>> len(name), len(name.encode("utf-8"))
(3, 9)
```

స, దీర్ఘం గుర్తు, త. కంప్యూటర్ లెక్కలో మూడు సంకేతాలు. యూటీఎఫ్-8లో తెలుగు సంకేతం ఒక్కొక్కటి మూడు బైట్లు తీసుకుంటుంది. ఇంగ్లీషు అక్షరం ఒక్కటే తీసుకుంటుంది కాబట్టి `Sita` అని రాసుకున్నవారికి నాలుగుకు నాలుగు సరిపోతుంది, తప్పు బయటపడదు.

మీ ఆట ఫైలు చదివేటప్పుడు ఏం జరుగుతోందంటే, పొడవు మూడు కదా అని `E0 B0 B8` తీసుకుంటుంది. అది "స" మాత్రమే. అక్కడితో పేరు అయిపోయిందనుకుని తరువాతి నాలుగు బైట్లు `E0 B1 80 E0` చెక్‌సమ్ అనుకుంటుంది. అంటే సీత గారి పేరులోని దీర్ఘాన్నీ, "త"లో మూడో వంతునూ తీసుకుని, మీరు ఫైలు మార్చారని తేల్చింది. `save.bak`లోనూ ఇదే తప్పు ఉంటుంది కాబట్టి అదీ ఆదుకోలేదు. నకలు కాపాడేది రాత మధ్యలో ఆగితేనే. రాసిన పద్ధతే తప్పైతే రెండు నకళ్లూ ఒకేలా తప్పుతాయి.

#27 గంపెడుకూరలు

నాకు మాటలు రావడం లేదు. తెలుగువాళ్ల కోసం తెలుగులో ఆట రాసి, తెలుగులో పేరు పెట్టుకున్నవారినే తప్పుబట్టాను. నేను పరీక్షించినప్పుడల్లా త్వరగా అవుతుందని `abc` అని కొట్టేవాడిని. సీత గారూ, మనస్ఫూర్తిగా క్షమాపణ చెబుతున్నాను. మిగిలిన పదకొండు మందికీ ఈ రాత్రే రాస్తాను.

#28 బైట్ల_బాబాయి

ఫైళ్లు పక్కన పెట్టే ఉన్నాయి కదా? అయితే ఏమీ పోలేదు. కొత్త వెర్షన్‌లో పొడవును బైట్లలో రాయండి. పాత ఫైళ్లకు చివరి నాలుగూ సీఆర్‌సీ అనుకుని, మిగిలినదంతటికీ లెక్కించి చూడండి. సరిపోతే పొడవును సరిచేసి మళ్లీ రాసేయండి. సీఆర్‌సీ సరిగ్గానే రాశారు, చదివేచోటే తప్పింది. ఇక మీదట పరీక్షించేటప్పుడు "లక్ష్మీనరసింహం" లాంటి పేరు పెట్టి చూడండి.

#29 సంతలో_సీత

పద్నాలుగో రోజు తిరిగి వచ్చేస్తే నాకు అదే చాలు. వంకాయలు చవగ్గా కొని పెట్టుకున్నాను.

#30 నీలిసిరా

సీత గారిని అనుమానించడం నా తప్పు, ఒప్పుకుంటున్నాను. లీడర్‌బోర్డు ప్రశ్న మాత్రం అలాగే ఉంది. హెచ్‌మ్యాక్ గురించి ఇంకా ఎవరూ మాట్లాడలేదు. ఒక రహస్య కీ కలిపి హ్యాష్ లెక్కిస్తే, ఆ కీ తెలియనివారు అయిదు వరుసల్లో మళ్లీ లెక్కించలేరు. ఇది #9కి జవాబు అవుతుంది కదా?

#31 బైట్ల_బాబాయి

సగం అవుతుంది. హెక్స్ ఎడిటర్ మాత్రమే తెలిసినవారిని అది ఆపుతుంది, నిజమే. సీత గారు పావుగంటలో చేసింది కుదరదు. కానీ ఆ కీ ఎక్కడ ఉంటుంది? ఆట తానే సంతకం పెట్టాలి కాబట్టి కీ ఆటలోనే ఉండాలి. ఆటను విప్పి చూడగలిగినవారు దాన్ని తీసుకుంటారు. ఒక్కరు తీసి బయట పెడితే అందరికీ తెలిసినట్టే. కీ కూడా వెతకకుండా, సరిపోల్చే చోట నిర్ణయాన్ని తిరగేసినా పని అయిపోతుంది.

కీ ఎంత బాగా దాచినా ఆపలేనివి రెండున్నాయి. ఆట నడుస్తుండగా మెమరీలోనే 250ని 64,000 చేస్తే, తరువాత ఆట తన చేత్తో తానే దాని మీద సరైన సంతకం పెట్టి దాస్తుంది. ఇక సంతకు వెళ్లే ముందు ఫైలు నకలు తీసుకుని, నష్టం వస్తే ఆ నకలును తిరిగి పెట్టేవారు ఉంటారు. ఆ ఫైలు ఒకప్పుడు ఆట రాసినదే, ఒక్క బిట్టు కూడా మారలేదు. దాన్ని ఏ చెక్‌సమ్ తప్పుబడుతుంది?

#32 సంతలో_సీత

నకలు తిరిగి పెట్టడం మా తమ్ముడు చేస్తాడు. వాడు దాన్ని మోసం అనుకోడు.

#33 గంపెడుకూరలు

అయితే లీడర్‌బోర్డు పెట్టడమే కుదరదా?

#34 బైట్ల_బాబాయి

ఆటగాడి ఫోను పంపిన మొత్తాన్ని నమ్మితే కుదరదు. మీ ఆటలో ఒక వెసులుబాటు ఉంది. రోజుకు పాతిక ముప్పై నిర్ణయాల కంటే ఎక్కువ ఉండవు. ఏ కూరగాయ ఎన్ని కిలోలు కొన్నారు, ఎంతకు అమ్మారు, అంతే. పోటీ మొదలైనప్పుడు ధరల హెచ్చుతగ్గులకు ఆధారమయ్యే విత్తన సంఖ్యను సర్వర్ ఇవ్వాలి. చివర్లో ఫోను మొత్తాన్ని కాకుండా ఆ నిర్ణయాల జాబితాను పంపాలి. సర్వర్ అవే నియమాలతో ముప్పై రోజులూ మళ్లీ ఆడి, ఎన్ని నాణేలు వచ్చాయో తానే లెక్కిస్తుంది. అప్పుడు ఫోనులో సేవ్ ఫైలును ఎంత మార్చినా లాభం లేదు, ఆ ఫైలును ఎవరూ అడగడం లేదు.

ధరలను దశాంశాల్లో కాకుండా పూర్ణ సంఖ్యల్లో, పైసల్లో లెక్కించండి. లేకపోతే ఫోనులో ఒక మొత్తం, సర్వర్‌లో ఇంకో మొత్తం వచ్చి మళ్లీ నిజాయతీపరులే బలవుతారు.

#35 పాతపెట్టె

దీనిలోనూ ఒక సందు ఉంది. విత్తన సంఖ్య తెలిస్తే ముప్పై రోజుల ధరలూ ముందే తెలుస్తాయి. ఎవరైనా వందసార్లు సాధన చేసి అన్నింటికంటే మంచి జాబితా పంపవచ్చు. నియమాల ప్రకారం అది సరైన ఆటే.

#36 నీలిసిరా

ఏ రోజు విత్తనం ఆ రోజే ఇస్తే? నిర్ణయాలు పంపాకే మరునాటి ధరలు తెలియాలి.

#37 పాతపెట్టె

అప్పుడు ఆడినంతసేపూ ఇంటర్నెట్ ఉండాలి. మా ఊళ్లో సిగ్నల్ మేడ మీదే వస్తుంది. తెలుగువాళ్ల కోసం రాసిన ఆట అన్నారు కదా, మాలాంటివాళ్ల సంగతేమిటి?

#38 గంపెడుకూరలు

ఇంకా తేల్చుకోలేదు. ఏ రోజు విత్తనం ఆ రోజు ఇచ్చే పద్ధతి లీడర్‌బోర్డుకు మాత్రమే పెట్టి, మామూలు ఆటలో మోసం సంగతి పూర్తిగా వదిలేద్దామని ఆలోచిస్తున్నాను. సర్వర్ ఖర్చు ఎంతవుతుందో లెక్క వేయాలి.

పన్నెండు ఫైళ్లలో పదకొండు తిరిగి వచ్చాయి, సీత గారిది కూడా. పన్నెండోవారు ఈలోపు ఆటను తీసేసి మళ్లీ పెట్టుకున్నారు, పక్కన పెట్టిన ఫైలు దానితోపాటే పోయింది. సందేశం కూడా మార్చాను. ఇప్పుడు ఇలా ఉంది: "సేవ్ ఫైలును చదవలేకపోయాం. ఇంతకుముందు దాచినదాన్ని తెరుస్తున్నాం. పాత ఫైలు `save.bad` పేరుతో భద్రంగా ఉంది."

#39 చిన్నారి_నాన్న

ఆ పన్నెండోవారికి విడిగా రాశారా?

#40 గంపెడుకూరలు

రాశాను. ఎన్ని నాణేలు ఉండేవో గుర్తుంటే చెప్పమని అడిగాను. 1,870 అన్నారు. ఆ అంకెతోనే ఫైలు తయారుచేసి పంపాను.